తోటపనిలో కొంకి పురుగు: తగ్గిన రక్తాన్ని తిరిగి పెంచుకోవడం, మళ్లీ తగ్గకుండా చూసుకోవడం ఎలా

బెంగళూరు చుట్టూ హోస్కోటె, ఆనేకల్, దేవనహళ్లి తాలూకాల్లోని ఆకుకూర మళ్లలో, పూలతోటల్లో, మల్బరీ తోటల్లో కదిరి, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు కూలికి పనిచేస్తూ, తోట గట్టునే రేకుల షెడ్డు వేసుకొని ఉంటున్నాయి. ఆ ఇళ్లలో ఒక ఆడమనిషి నాలుగు బిందెలు మోసేసరికి ఆయాసపడుతూ, బడికి వెళ్లే పిల్లవాడు మధ్యాహ్నానికే సోలిపోతూ ఉంటే, "ఒంట్లో రక్తం లేదు, మంచి తిండి తినాలి" అని చెప్పి వదిలేయడం పరిపాటి. తిండి తక్కువ కావడం ఒక కారణమే. అయితే ఎప్పుడూ తడిగా ఉండే ఎర్రమట్టి నేలలో చెప్పులు లేకుండా పనిచేసే కుటుంబంలో ఒకరికి మించి రక్తహీనత కనిపించినప్పుడు, కొంకి పురుగు ఉందేమో పరీక్ష చేయించకుండా బలం మందులు మాత్రమే వాడడం సరికాదు. మీరు అటువంటి కుటుంబంలోని వారైనా, అటువంటి వారిని పనిలో పెట్టుకున్న తోట యజమాని అయినా, కింద చెప్పిన వరుసలో పనులు చేసుకుంటూ వెళ్లండి.

ముందు పురుగు దారి తెలుసుకోండి

కొంకి పురుగు సుమారు ఒక సెంటీమీటరు పొడవుండే సన్నని పురుగు. చిన్నపేగు గోడను నోటితో కరచిపట్టుకొని రక్తం పీలుస్తుంది. దాని గుడ్లు మలంతో బయటకు వస్తాయి. అవి తడి, నీడ, వెచ్చదనం ఉన్న మట్టిలో పడితే ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి, మరో 5 నుంచి 10 రోజుల్లో చర్మాన్ని తొలుచుకొని వెళ్లగల దశకు చేరుకుంటాయి. ఆ దశలో అవి ఏమీ తినకుండా, అనుకూలమైన నేలలో మూడు నాలుగు వారాలు కాచుకొని ఉంటాయి. కాలి వేళ్ల సందుల్లోంచో, కలుపు తీసే చేతి నుంచో లోపలికి వెళ్లి, రక్తంతో పాటు ఊపిరితిత్తులకు చేరి, అక్కడి నుంచి గొంతులోకి ఎగబాకి, మనం మింగినప్పుడు పేగులోకి దిగుతాయి. కాలిలో దూరిన రోజు నుంచి అది గుడ్లు పెట్టడం మొదలుపెట్టేవరకు ఐదు వారాలు, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత ఏడాది, రెండేళ్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ కాలం లోపలే బతుకుతుంది.

ఈ పురుగు చర్మంలోంచి వస్తుందన్న సంగతి బయటపడిన తీరు చిత్రమైనది. పంతొమ్మిదో శతాబ్దం చివరలో కైరోలో పనిచేస్తున్న ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త చేతిమీద ఈ పిల్లపురుగులున్న నీరు పొరపాటున ఒలికింది. చోటంతా ఎర్రబడి దురద పెట్టింది, కొన్ని వారాలకు ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి. మీ కాలి వేళ్ల సందుల్లో వచ్చే దురద కూడా అదే కావచ్చు. వానాకాలంలో మడిలో పనిచేసిన మర్నాడు వేళ్ల సందుల్లో ఎర్రటి చిన్న పొక్కులు లేచి విపరీతంగా దురద పెడితే, నీళ్లలో నానినందువల్లే అని తీసిపారేయకుండా, ఆ తేదీని గుర్తుంచుకోండి.

ఈ దారిలో మీరు గమనించవలసిన విషయాలు రెండు. మొదటిది, పురుగు ఒకరి నుంచి మరొకరికి నేరుగా అంటుకోదు, మధ్యలో మట్టిలో కొన్ని రోజులు గడపక తప్పదు. రెండవది, పిల్లపురుగు మట్టిలో పక్కకు ఎక్కువ దూరం పోలేదు, పైకి మాత్రం పాకగలదు. అందువల్ల ప్రమాదం తోటంతటా సమానంగా ఉండదు. నలుగురూ బహిర్భూమికి కూర్చునే చోట, అక్కడికి నడిచే దారిలో, అక్కడి వాననీరు పారి దిగే మడిలో ఎక్కువగా ఉంటుంది.

లక్షణాలు చూసి పరీక్షకు వెళ్లండి

కింది కనురెప్పను వేలితో కిందికి లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండవలసిన చోటు తెల్లగా పాలిపోయి ఉండడం, నాలుక నున్నగా మారడం, కొద్దిపాటి పనికే గుండె దడదడలాడడం, పిల్లలు మట్టి, సుద్ద, బలపాలు, పచ్చి బియ్యం తినడానికి ఆరాటపడడం రక్తహీనతకు గుర్తులు. మలంలో పురుగు కనిపించలేదు కాబట్టి పురుగు లేదని అనుకోవద్దు. అప్పుడప్పుడు మలంలో పడే పొడవాటి ఏలిక పాము వేరే జాతి, కొంకి పురుగు పేగును వదలదు కాబట్టి కంటికి కనపడదు. అది పీల్చే రక్తం కూడా మలంలో ఎర్రగా కనిపించేంత ఉండదు. అందుకే నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు.

దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని, నగరం లోపలైతే నమ్మ క్లినిక్‌కు గాని ఇంటిల్లిపాదీ వెళ్లండి. కన్నడం రానివారు "రక్త కడిమె" అనీ, "జంతుహుళు" అనీ, "మల పరీక్షె" అనీ చెబితే అక్కడివారికి విషయం అర్థమవుతుంది. రక్తంలో హిమోగ్లోబిన్, మలంలో పురుగు గుడ్లు, ఈ రెండు పరీక్షలూ చేయించాలి.

మలం నమూనా విషయంలో జాగ్రత్త అవసరం. శుభ్రమైన, పొడి డబ్బాలో, మూత్రమూ నీళ్లూ మట్టీ కలవకుండా, బొటనవేలి కొనంత తీసుకొని, ఆ ఉదయమే కొద్ది గంటల్లో ఇవ్వాలి. రాత్రి తీసి మర్నాడు ఇస్తే, అది వేడిలో ఉంటే, గుడ్లు పొదిగి పిల్లపురుగులవుతాయి, అప్పుడు సూక్ష్మదర్శినిలో చూసేవారికి పోల్చుకోవడం కష్టమవుతుంది. ఒకసారి ఏమీ కనిపించలేదన్నంత మాత్రాన ఆగిపోకుండా, వేర్వేరు రోజుల్లో మరో రెండుసార్లు ఇవ్వడం మంచిది. కాలికి పొక్కులు వచ్చిన మొదటి నెలలో పరీక్ష చేయిస్తే గుడ్లు కనిపించకపోవచ్చు, ఎందుకంటే అప్పటికి పురుగు ఇంకా గుడ్లు పెట్టడం మొదలుపెట్టి ఉండదు.

హిమోగ్లోబిన్ మగవారికి 13, గర్భిణి కాని స్త్రీకి 12, గర్భిణికి 11, ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 11.5 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. అది 8 కంటే కిందికి పోతే తీవ్రమైనదిగా లెక్కిస్తారు, ఐదేళ్లలోపు పిల్లలకూ గర్భిణులకూ ఆ గీత 7. అంతవరకు పడిపోయినవారు, కూర్చున్నచోటనే ఆయాసపడేవారు, కాళ్లు వాచినవారు ఇంట్లో మాత్రలతో కాలక్షేపం చేయకుండా అదే రోజు తాలూకా ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక కుటుంబం లెక్క

హోస్కోటె దగ్గర పాలకూర, కొత్తిమీర మళ్లలో పనిచేసే నలుగురి కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించుకుందాం. తల్లికి ముప్పై రెండేళ్లు, హిమోగ్లోబిన్ 8.4. ఏడేళ్ల కొడుకు బరువు 20 కిలోలు, హిమోగ్లోబిన్ 9.1. తండ్రికి 12.2. మూడేళ్ల పాపకు 10.4. తల్లి, కొడుకు, తండ్రి నమూనాల్లో కొంకి పురుగు గుడ్లు కనిపించాయి.

దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపించే జాతి పురుగు ఒక్కొక్కటి రోజుకు సుమారు 0.03 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది. మరో జాతి దానికి ఐదారింతలు పోగొడుతుంది. మొదటి జాతివే వంద పురుగులు తల్లి కడుపులో ఉన్నాయనుకుంటే రోజుకు 3 మిల్లీలీటర్లు, నెలకు 90 మిల్లీలీటర్లు పోతుంది. నెలసరిలో సాధారణంగా పోయే రక్తానికి ఇది రెండింతలకు పైగా ఉంటుంది, పైగా నెలసరికి ఇది అదనం. రక్తం నిండుగా ఉన్న మనిషిలో మిల్లీలీటరు రక్తంలో అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది కాబట్టి, మొదట్లో రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఇనుము పేగులోకి పోతుంది. అందులో కొంత పేగే తిరిగి పీల్చుకున్నా, మిగిలినది నష్టమే. అన్నం, రాగి సంగటి, పప్పు తిండి నుంచి ఒంటికి పట్టే ఇనుము రోజుకు దాదాపు ఒకటి, రెండు మిల్లీగ్రాములకు మించదు. అంటే ఆమె తిన్నదంతా పురుగుల నష్టాన్ని పూడ్చడానికే చాలీచాలకుండా ఉంటుంది. ఒంట్లో దాచుకున్న ఇనుము కొన్ని నెలల్లో హరించుకుపోతుంది, హిమోగ్లోబిన్ ఆ తర్వాతే పడిపోవడం మొదలవుతుంది.

పిల్లవాడి లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. 20 కిలోల పిల్లవాడి ఒంట్లో ఉండే మొత్తం రక్తం ఒకటిన్నర లీటర్లే. వాడి కడుపులోనూ వందే పురుగులున్నా, నెలకు పోయే 90 మిల్లీలీటర్లు వాడి రక్తంలో పదహారో వంతు. ఎదగడానికి కావలసిన ఇనుము దీనికి అదనంగా రావాలి. బడిలో పాఠం ఎక్కడం లేదని వాడిని తిట్టేవారికి ఈ లెక్క చెప్పాలి.

పురుగుల మందు, ఇనుము మాత్ర రెండూ వాడండి

పురుగుల మందు వేయకుండా ఇనుము మాత్రలిస్తే, చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే అవుతుంది. ఇనుము ఇవ్వకుండా పురుగులను మాత్రమే చంపితే, అప్పటికే ఖాళీ అయిన నిల్వలు తిండితోనే నిండడానికి చాలా నెలలు పడుతుంది. కాబట్టి వైద్యుని సలహాతో రెండూ మొదలుపెట్టాలి.

పురుగులకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇస్తారు. ఏడాది నుంచి రెండేళ్ల వయసు పిల్లలకు అందులో సగం ఇస్తారు. నమిలి మింగాలి. చిన్నపిల్లలకు పొడిచేసి నీటితో ఇవ్వాలి, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి ఏడుస్తున్నప్పుడు బలవంతంగా నోట్లో వేయకూడదు. గర్భం వచ్చిన మొదటి మూడు నెలల్లో ఈ మాత్ర వేసుకోకూడదు, ఆ తర్వాత వైద్యులు చెబితేనే వేసుకోవాలి. ఒక్క మాత్రతో కొంకి పురుగు అందరిలోనూ పూర్తిగా పోదు. రెండు మూడు వారాల తర్వాత మలం మళ్లీ పరీక్ష చేయిస్తే ఆ సంగతి తెలుస్తుంది, మిగిలి ఉంటే వైద్యులు మళ్లీ ఇస్తారు.

ఇక్కడ కుటుంబాలు తరచూ జారిపోయే ఒక సందు ఉంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరిట బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉచితంగా ఇచ్చే మాత్ర ఒకటి నుంచి 19 ఏళ్ల వారికి మాత్రమే. మడిలో దిగి పనిచేసే తల్లిదండ్రులు ఆ లెక్కలోకి రారు. వలస వచ్చి ఇంకా బడిలో చేరని పిల్లలకు కూడా, ఆశా కార్యకర్తకు షెడ్డు సంగతి తెలియకపోతే, అది అందదు. పిల్లవాడికి బడిలో మాత్ర వేసి, అమ్మానాన్నల పురుగులు అలాగే ఉంటే, వారి మలం నుంచి మట్టిలోకి గుడ్లు చేరుతూనే ఉంటాయి. అందువల్ల మన ఉదాహరణలోని నలుగురికీ, గుడ్లు కనిపించని పాపతో సహా, వైద్యుణ్ని అడిగి ఒకే రోజున మందు వేయించడం మేలు. తోటలోని మిగతా కూలీ కుటుంబాలు కూడా అదే వారంలో వేసుకుంటే ఫలితం ఇంకా బాగుంటుంది.

ఇనుము మాత్రల మోతాదును వయసు, బరువు, హిమోగ్లోబిన్‌లను బట్టి వైద్యులు నిర్ణయిస్తారు. బడిలో వారానికొకటి ఇచ్చే మాత్ర నివారణ కోసం ఇచ్చేది, ఇప్పటికే రక్తం తగ్గినవారికి అది చాలదు. మాత్రకు ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ తాగకుండా, నిమ్మరసంతో గాని, జామపండుతో గాని వేసుకుంటే బాగా పడుతుంది. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోండి గాని మానేయవద్దు. మలం నల్లగా రావడం మామూలే. మాత్రలను పిల్లల చేతికి అందకుండా ఎత్తున పెట్టండి, గుప్పెడు మింగితే ప్రాణానికే ముప్పు.

కాలికి రక్షణ

ఎప్పుడూ తడిగా ఉండే మడిలో హవాయి చెప్పులు బురదలో కూరుకుపోయి తెగిపోతాయి, కాబట్టి కూలీలు వాటిని గట్టుమీద విడిచి దిగుతారు. అలా దిగేవారిని నిర్లక్ష్యమని నిందించడం అన్యాయం. అక్కడ కావలసింది మోకాలి కింది వరకు ఉండే ప్లాస్టిక్ గంబూట్లు. యజమాని ఎరువులతో పాటు ఏటా కొనవలసిన వస్తువుల్లో వీటిని కూడా రాసుకోవాలి. కాలికి సరిపడే కొలతవే కొనాలి, వదులైతే బురదలో ఊడివస్తాయి. లోపల నూలు సాక్సు వేసుకోవాలి. సాయంత్రం బయటి బురద కడిగి, లోపలికి నీళ్లు పోనీయకుండా తలకిందులుగా ఎండలో ఆరబెట్టాలి. అడుగున పగులు వచ్చిందేమో నెలకొకసారి నీళ్ల బకెట్టులో ముంచి చూడండి. పగిలిన గంబూటు బురదనీటిని లోపలే నిలిపి, చర్మానికి ఎక్కువసేపు తగిలేలా చేస్తుంది, ఉత్త కాలికంటే అది మేలేమీ కాదు. వంగి చేత్తో కలుపు తీసేవారికి రబ్బరు తొడుగులు కూడా అవసరం.

గంబూట్లు దొరికేవరకు ఒక్క నియమం తప్పకుండా పాటించండి. బహిర్భూమికి, మరుగుదొడ్డికి వెళ్లే దారిలో ఎప్పుడూ చెప్పులు వేసుకోండి. పురుగు ఎక్కువగా ఉండేది అక్కడే కాబట్టి, మడిలో కుదరకపోయినా ఇక్కడ చెప్పు వేసుకుంటే ప్రమాదం బాగా తగ్గుతుంది. పిల్లల విషయంలో నేను చాలా ఇళ్లలో చూసినది, బడికి ఇచ్చిన బూట్లు పాడవుతాయని ఇంటికి రాగానే విప్పించి, పిల్లలను ఉత్త కాళ్లతో ఆడుకోవడానికి పంపడం. బూట్లు దాచుకోవాలనుకుంటే దాచండి గాని, ఆటకు వేరే చెప్పుల జత ఇవ్వండి.

మట్టిలోకి గుడ్లు చేరకుండా

చెప్పులు ఎంత జాగ్రత్తగా వేసుకున్నా ఎప్పుడో ఒకప్పుడు విడుస్తాము. కాబట్టి మలం నేలమీద పడకుండా చూడడమే గట్టి పని. షెడ్డు వేసుకున్న కుటుంబానికి సొంత స్థలం ఉండదు, మరుగుదొడ్డికి ప్రభుత్వ సాయం అడిగే వీలుండదు, అందువల్ల ఈ బాధ్యత తోట యజమానిదే. రెండు గుంతల మరుగుదొడ్డి అయితే ఒకటి నిండాక మూసి, రెండోది వాడుకుంటూ, మూసినదాన్ని కనీసం ఏడాది పాటు ముట్టుకోకూడదు. కూర్చునే చోట సిమెంటు పలక నున్నగా ఉండాలి. మట్టి నేలమీద కట్టిన తడి మరుగుదొడ్డే కొంకి పురుగుకు నిలయమవుతుంది, దాన్ని చూసి "మాకు దొడ్డి ఉంది" అని నిశ్చింతగా ఉండవద్దు. పసిపిల్లల మలాన్ని గట్టుమీదో దిబ్బలోనో పారేయకుండా దొడ్డిలోనే వేయాలి.

దొడ్డి కట్టేవరకు అరడుగు గుంత తీసి పూడిస్తే సరిపోతుందని కొందరు అంటారు. వదులైన ఇసుక మట్టిలో పిల్లపురుగులు అంతకంటే లోతు నుంచి కూడా పైకి పాకి రాగలవు కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. తప్పనప్పుడు చెట్టు నీడ, కాలువ గట్టు వదిలి, రోజంతా ఎండపడే పొడి చోటును ఎంచుకోవాలి. ఎండకు, ఆరిన మట్టికి పిల్లపురుగులు బతకవు. మల్బరీ, అరటి నీడలు వాటికి బాగా సరిపోతాయి, దురదృష్టవశాత్తు మనుషులు చాటు కోసం వెతికేవీ అవే.

బెంగళూరు పరిసరాల్లో మరో ప్రత్యేకమైన సంగతి ఉంది. ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే ట్యాంకర్ల బురదను కొన్ని తోటల్లో ఎరువుగా దింపించుకుంటారు. మీ తోటలో అలా దింపుతున్నారా, ఎప్పుడు దింపారు, ఎన్నాళ్లు ఎండనిచ్చారు అని అడిగి తెలుసుకోండి. పచ్చి బురద వేసిన మడిలోకి గంబూట్లు, తొడుగులు లేకుండా దిగవద్దు. పంటకు పోషకాలున్నాయని యజమాని అనవచ్చు, అది నిజమే. అయితే దేవనహళ్లిలోని మలబురద శుద్ధి కేంద్రంలో చేస్తున్నట్టు శుద్ధిచేసి, ఎండబెట్టి, కంపోస్టుగా మార్చాకే మడికి వేయాలి. ఆకుకూరలకైతే మరీ జాగ్రత్త అవసరం, ఏలిక పాము గుడ్లు కొంకి పురుగు కంటే చాలా ఎక్కువ కాలం మట్టిలో బతికి ఉంటాయి.

నెలనెలా ఏమి చూడాలి

మందు మొదలుపెట్టిన నెలకు హిమోగ్లోబిన్ మళ్లీ చూపించండి. మన ఉదాహరణలోని తల్లికి 8.4 నుంచి 9.5 వరకు వచ్చిందంటే మందు పనిచేస్తోంది. నెలలో ఒక గ్రాము కూడా పెరగకపోతే, మాత్రలు సరిగా వేసుకోవడం లేదా, టీతో వేసుకుంటున్నారా, పురుగులు మిగిలాయా అని ముందు చూడాలి. ఇవేవీ కావంటే నెలసరిలో అధిక రక్తస్రావం, మొలలు, కడుపులో పుండు, తలసేమియా వంటి వేరే కారణాలకు పరీక్షలు చేస్తారు. మలంలో గుడ్లు లేని మగవాడికి రక్తం తగ్గినప్పుడు ఈ పరీక్షలను అసలు వాయిదా వేయకూడదు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిల్వలు నిండేవరకు, సాధారణంగా మరో మూడు నెలలు, ఇనుము కొనసాగించమంటారు.

మూడో నెలకు 12 దాటిన తల్లికి ఎనిమిదో నెలలో మళ్లీ 10.3 కనిపించిందనుకోండి. మాత్రలు నాసిరకమని కొట్టును మార్చడం కంటే, మధ్యలో వచ్చిన వానాకాలంలో ఆమె ఎక్కడెక్కడ ఉత్త కాళ్లతో నడిచిందో, దొడ్డి నిండి మూతపడిన రోజుల్లో కూలీలు ఎటు వెళ్లారో వెతకాలి. పండుగకు ఊరు వెళ్లేటప్పుడు, పని మారి వేరే తోటకు వెళ్లేటప్పుడు ఇక్కడి పరీక్షల చీటీలూ, మందు వేసుకున్న తేదీలూ వెంట తీసుకువెళ్లండి. అక్కడి వైద్యుడికి ఇది మిగిలిపోయిన పాత పురుగా, కొత్తగా కాలికి ఎక్కినదా అని తేల్చడానికి ఆ తేదీలు ఉపయోగపడతాయి.